నెక్లెస్ రోడ్ ఫొటోలో ఇంద్రధనుస్సు

జూలై, ఆదివారం రాత్రి

ఈ రోజు పనంతా ఒకే ఫొటో మీద సాగింది. నెక్లెస్ రోడ్ గట్టు మీద తీసిన ప్రీ వెడ్డింగ్ ఫొటో అది. అమ్మాయీ అబ్బాయీ రెయిలింగ్‌కు ఆనుకుని నిలబడి ఉన్నారు. వారి వెనుక హుస్సేన్ సాగర్, నీళ్ళ మధ్య బుద్ధ విగ్రహం, ఆపైన తూర్పు ఆకాశమంతా పరుచుకున్న నల్లమబ్బు. వాన సాగర్ దాటి అవతలి ఒడ్డు మీద కురుస్తూ ఉంటే, ఇవతల సాయంత్రపు ఎండ ఇద్దరి ముఖాల మీదా పడుతోంది. ఫొటో తీసిన తమ్ముడు పొద్దున్నే ఫోన్ చేసి, "అన్నా, ఎండ, వాన రెండూ ఉండె గానీ సింగిడి మాత్రం రాలే. ఆల్బమ్ కవర్ మీదికి నువ్వే ఒకటి పెట్టియ్యాలె" అన్నాడు.

అతను పంపినవి రెండు ఫొటోలు. మొదటిది పడమటికి తిరిగి తీసినది, అందులో అస్తమించబోయే సూర్యుడు జంట వెనకే కనిపిస్తున్నాడు. వారికి నచ్చినది అదే. ఇంద్రధనుస్సు ఎప్పుడూ సూర్యుడికి ఎదురుగా ఉన్న దిక్కునే కనిపిస్తుంది కనుక, ఎంత అందంగా గీసినా ఆ ఫొటోలో అది అబద్ధంగానే ఉంటుందని చెప్పి దాన్ని పక్కన పెట్టించాను. రెండవ ఫొటోకు కావలసినవన్నీ ఉన్నాయి: సూర్యుడు కెమెరా వెనుక ఉన్నాడు, ఎదురుగా వాన పడుతోంది, ఆ వాన వెనుక నల్లని మబ్బు ఉంది. తీసిన సమయం సాయంత్రం సుమారు 6 గంటలు. సూర్యుడు 42 డిగ్రీల కంటే ఎత్తులో ఉంటే నేల మీద నిలబడిన వారికి ఆకాశంలో ఇంద్రధనుస్సు కనిపించదు కాబట్టి, ఇదే జంటను మిట్టమధ్యాహ్నం తీసి ఉంటే ఈ పని ఒప్పుకునేవాణ్ణి కాను.

ఆ ఫొటోలో తీసేయమని వారు అడిగిన వస్తువు ఒకటి ఉంది, అది ఫొటో తీసిన తమ్ముడి నీడ. తడిసిన బండల మీద పొడవుగా సాగి, జంటకు కుడి పక్కన రెయిలింగ్ దగ్గర ఆ నీడ తల ముగుస్తుంది. దాన్ని చెరిపే ముందు తల ఉన్న చోట నిలువుగా ఒక గైడు, అడ్డంగా ఒక గైడు పెట్టుకున్నాను. కెమెరా కంటికి ఆనించి తీసిన ఫొటోలో తల నీడ పడే చోటు సూర్యుడికి సరిగ్గా ఎదురు బిందువు, ఇంద్రధనుస్సు వృత్తానికి కేంద్రం కూడా అదే. నీడ ఫ్రేములో లేని ఫొటో అయితే రెయిలింగ్ కమ్మీల నీడలను గీతలుగా పొడిగించి, అవి ఏ దిక్కుకు కూడుకుంటున్నాయో చూసి కేంద్రాన్ని వెతుక్కోవలసి వచ్చేది. ఇక్కడ ఆ శ్రమ తప్పింది. కేంద్రం ఫొటో మధ్య గీతకు కుడి వైపున, కింది అంచుకు 420 పిక్సెళ్ళ పైన ఉంది. దిగంతానికి అది దాదాపు 12 డిగ్రీల కింద ఉన్నదంటే, ఆ సమయానికి సూర్యుడు దిగంతానికి 12 డిగ్రీల పైన ఉన్నాడన్నమాట. రెయిలింగ్ కమ్మీ నీడ దాని ఎత్తుకు నాలుగున్నర రెట్ల కంటే కాస్త ఎక్కువ పొడవు ఉండటం కూడా ఈ లెక్కతో సరిపోయింది.

తరువాత తేల్చవలసినది చాపం పరిమాణం. నా దృష్టిలో అతికించిన ఇంద్రధనుస్సులు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. రెండు కొసలూ ఫ్రేములోనే నేలకు దిగేలా ఒక చిన్న చాపాన్ని గీసి, దానికి రంగులు దట్టంగా వేస్తారు. నిజమైన ఇంద్రధనుస్సు మన కంటి దగ్గర చేసే కోణం మారదు. కేంద్రం నుంచి ఎర్రని అంచు దాదాపు 42 డిగ్రీల దూరంలో ఉంటుందని దెకార్త్ 1637లోనే నీటి బిందువులో కాంతి కిరణాల దారిని లెక్కగట్టి చూపాడు. వృత్తం మొత్తం అడ్డుకొలత 84 డిగ్రీలు, ఈ ఫొటో తీసిన 24 మిల్లీమీటర్ల లెన్సు అడ్డంగా చూడగలిగేది 74 డిగ్రీలే. అంటే ఈ ఫొటోలో పూర్తి చాపం పట్టదు, పట్టకూడదు కూడా. జూమ్ చేసి తీసిన ఫొటోలో అయితే నిటారుగా లేచే ఒక ముక్క మాత్రమే కనిపించాలి.

ఫైలు 6000 పిక్సెళ్ళ వెడల్పు, 4000 పిక్సెళ్ళ ఎత్తు ఉంది. 36 మిల్లీమీటర్ల వెడల్పున్న సెన్సారు మీద 24 మిల్లీమీటర్ల లెన్సు కాబట్టి, లెన్సు నాభ్యంతరం పిక్సెళ్ళలో 4000 అవుతుంది. దానితో లెక్క వేస్తే చాపం శిఖరం దిగంతానికి 30 డిగ్రీల పైన, అంటే పై అంచుకు 500 పిక్సెళ్ళ కింద వచ్చింది. ఎడమ కొస సికింద్రాబాద్ వైపు భవనాల మీద, ఎడమ అంచుకు 200 పిక్సెళ్ళ లోపల దిగంతాన్ని తాకింది. కుడి వైపు చాపం నేలకు దిగకుండానే, పై అంచుకు 1300 పిక్సెళ్ళ కింద ఫ్రేము దాటి వెళ్ళిపోయింది. ఒక కొస కనిపించి మరొకటి కనిపించకపోవడం నాకెంతో నచ్చింది, ఎందుకంటే చేత్తో సర్దిన చాపం దాదాపు ఎప్పుడూ ఫొటో నడిమధ్యనే కూర్చుంటుంది.

ఇంకొక సంగతి కూడా గమనించాను. కేంద్రం నుంచి శిఖరానికి దూరం 3090 పిక్సెళ్ళు ఉంటే, ఎడమ కొసకు దాదాపు 3370, కుడి అంచు దగ్గర దాదాపు 3430 పిక్సెళ్ళు ఉంది. వైడ్ లెన్సు అంచుల దగ్గర దృశ్యాన్ని సాగదీస్తుంది గనుక, ఆకాశంలో వృత్తంగా ఉన్నది ఫొటోలో ఖచ్చితమైన వృత్తంగా ఉండదు. అందుచేత ముందు శిఖరానికి సరిపోయే వృత్తం గీసి, ఆ పైన వార్ప్‌తో రెండు పక్కలనూ ఆ గుర్తుల దాకా మెల్లగా లాగాను.

పట్టీ వెడల్పు దాదాపు 2 డిగ్రీలే, ఈ ఫొటో శిఖరం దగ్గర అది సుమారు 160 పిక్సెళ్ళు. అంత పెద్ద ఆకాశంలో అది ఎంతో సన్నగా కనిపించింది. వెడల్పు పెంచాలని చెయ్యి లాగుతూనే ఉన్నా పెంచలేదు.

రంగుల విషయానికి వస్తే, ఎరుపు బయటి అంచున, ఊదా లోపలి అంచున ఉంటాయి, మధ్యలో నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం వరుసగా వస్తాయి. ఈ వరుస అందరికీ తెలిసినదే, కానీ అన్ని రంగులకూ సమానమైన వాటా, సమానమైన మెరుపు ఇవ్వడం వల్లే అది బడిపిల్లల పటంలా కనిపిస్తుంది. ప్రతి రంగు కాంతీ తన కోణానికి బయట ఆగిపోతుంది గానీ, లోపలి వైపుకు పలుచగా పరుచుకుంటూనే ఉంటుంది. అందువల్ల అన్నిటికంటే బయట ఉన్న ఎరుపులో వేరే రంగు కలవదు, అది తేటగా ఉంటుంది. లోపలికి వెళ్ళే కొద్దీ ఒక రంగు మీద మరొకటి పడి నీలం, ఊదా వెలిసినట్లుగా మారతాయి. పైగా 12 డిగ్రీల ఎత్తున ఉన్న సూర్యుడి ఎండలో నీలం పాలు తగ్గి ఉంటుంది. కాబట్టి గ్రేడియంట్‌లో ఎరుపునూ పసుపునూ నిలబెట్టి, నీలాన్ని తగ్గించి, ఊదాను కనీకనిపించనట్లు ఉంచాను. బయటి అంచును కొంచెం తీర్చి, లోపలి అంచును పూర్తిగా మెత్తబరిచాను. అదే కారణం చేత చాపానికి లోపలి ఆకాశం బయటి ఆకాశం కంటే తెల్లగా ఉండాలి. కర్వ్స్ లేయరుతో లోపలి భాగాన్ని కొద్దిగా ఎత్తగానే, అప్పటి దాకా మబ్బు మీద అతికించినట్లున్న పట్టీ ఆ వానలోనే పుట్టినట్లు కుదురుకుంది.

ఇంద్రధనుస్సు లేయరును నార్మల్ మోడ్‌లో ఉంచి ఒపాసిటీ మాత్రం తగ్గిస్తే ఆకుపచ్చా నీలమూ మబ్బు మీద మురికి మరకల్లా కనిపిస్తాయి. ఇంద్రధనుస్సు ఆకాశానికి వెలుతురును కలుపుతుందే తప్ప దేన్నీ కప్పదు, కాబట్టి దానికి తగినది స్క్రీన్ మోడ్. కింద నలుపు ఉన్న చోట రంగు పూర్తిగా పలుకుతుంది, తెలుపు ఉన్న చోట తనంతట తానే కరిగిపోతుంది. ఒపాసిటీ 35 శాతం దగ్గర పెట్టి, వాన దట్టంగా ఉన్న ఎడమ కొస దగ్గర మాస్కును తెల్లగా ఉంచి, మబ్బు విడిపోయి ఆకాశం కనిపిస్తున్న కుడి వైపున మెత్తని బ్రష్‌తో దాదాపు చెరిపేశాను. వాన లేని చోట ఇంద్రధనుస్సుకు తావు లేదు. 8 బిట్ ఫైలులో ఇంత పలుచని గ్రేడియంట్ చారలు కడుతుంది కనుక పనంతా 16 బిట్‌లో చేసి, పట్టీ మీద ఫొటోలో ఉన్నంత గ్రెయిన్ చల్లాను.

జంట మీద చాపం పడే చోట్లను మాస్కుతో పూర్తిగా మూసేశాను, ఎందుకంటే వారికీ కెమెరాకూ మధ్య వాన లేదు. కానీ అవతలి ఒడ్డు భవనాల దగ్గర అలా మూయలేదు. ఆ భవనాలు వాన తెరలో వెలిసిపోయి కనిపిస్తున్నాయి, అంటే వాన వాటికి ముందు కురుస్తోంది, అందుచేత చాపం కొస కూడా వాటి గోడల మీదుగా పలుచగా దిగాలి. గోడలు ఆకాశం కంటే నల్లగా ఉండటంతో స్క్రీన్ మోడ్‌లో అక్కడ రంగు కొంచెం తేరింది. అమ్మాయి వాళ్ళ తమ్ముడు స్టూడియోకు వచ్చి చూసి, "అంకుల్, అది బిల్డింగుల వెనక నుంచి రావాలి కదా?" అని అడిగాడు. వాన వెనుక ఉంటే వెనకే, ముందు ఉంటే ముందే అని జూమ్ చేసి చూపించాను. అతను తెరకు దగ్గరగా వంగి కిటికీల వరుస మీద ఆ ఎరుపును వేలితో వెతుక్కున్నాడు.

రెండో ఇంద్రధనుస్సు కూడా కావాలని అడిగింది అతనే. దాని ఎర్రని అంచు కోణం దాదాపు 51 డిగ్రీలు కాబట్టి శిఖరం ఈ ఫ్రేముకు పైనే ఉండిపోతుంది. ఎడమ పై మూలలో మాత్రం ఒక ముక్క పడుతుంది. అక్కడ రంగుల వరుస తిరగబడుతుంది, ఎరుపు లోపలి వైపుకు వచ్చి మొదటి దాని ఎరుపుకు ఎదురుగా నిలుస్తుంది. ఒకే చాపాన్ని కాపీ చేసి పెద్దది చేసే వారు మరిచిపోయేది దీన్నే. పట్టీని మొదటి దానికంటే వెడల్పుగా గీసి, ఒపాసిటీ 10 శాతానికి దించి, రెండు చాపాల మధ్య ఆకాశాన్ని కర్వ్స్‌తో ఒక పిసరు చీకటి చేశాను. మూలన ఉన్న ఆ ముక్క వెతికితేనే కనిపిస్తుంది, ఉండవలసినదీ అంతే.

రాత్రి నమూనా ప్రింటు తీయించాను. మ్యాట్ కాగితం మీద మబ్బు మరీ నల్లబడి, నీలం మొత్తానికే పోయింది. మొదటి చాపం ఒపాసిటీని 42 శాతానికి పెంచి, గ్రేడియంట్‌లో నీలం మెరుపును కాస్త పెంచి మళ్ళీ సేవ్ చేశాను. రేపు గ్లాసీ కాగితం మీద మరొక నమూనా తీయించి, రెండింటినీ కిటికీ వెలుతురులో పక్కపక్కన పెట్టి చూసిన తరువాతే కవర్‌కు పంపుతాను.