‘ధర’కు ఒత్తు తిరిగి వచ్చింది: గానుగ నూనె వీడియో, ఆరో ప్రయత్నం

దొరికింది! మూడు వారాలుగా నన్ను తిప్పలు పెట్టిన ఒత్తు నిన్న రాత్రి పదకొండు గంటలకు ఫోను తెరమీద స్పష్టంగా కనిపించింది.

మా పిన్ని వాళ్ళ గానుగ నూనె కోసం చేస్తున్న 40 సెకన్ల నిలువు వీడియో సంగతి ఇది. చిత్రీకరణ, కత్తిరింపు, సంగీతం మొదటి వారంలోనే అయిపోయాయి. మిగిలింది అక్షరాలే. చాలామంది ఫోను మోగకుండా పెట్టుకుని చూస్తారు కాబట్టి ధర, దొరికే చోటు, నూనె తీసే పద్ధతి అన్నీ ఆ అక్షరాలే చెప్పాలి.

పిన్ని ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసింది. మొదటి వీడియో పంపగానే ఫోను చేసి, “ధర అని రాయడం కూడా రాదా? ఒత్తు ఏదిరా? కొనేవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?” అంది. నేను కంప్యూటర్‌లో చూస్తే ‘లీటరు ధర 380 రూపాయలు’ అని శుభ్రంగా ఉంది. ఫోనులో చూస్తే నిజంగానే ‘దర’. ‘స్వచ్ఛమైన’లో చ కింది ఛవత్తు నల్లటి మరకలా ఉంది.

పంపేటప్పుడు యాప్ వీడియోను కుదించి పాడుచేసిందని మొదట అనుకున్నాను. అసలు ఫైలును కేబుల్‌తో ఫోనులోకి ఎక్కించి చూశాను. కొంచెం నయం, కానీ ఒత్తు లేదు. తర్వాత ఫాంటు మీద అనుమానం వచ్చింది. నోటో సాన్స్ తెలుగు బోల్డ్ తీసి మండలి పెట్టాను. మండలి అక్షరం గుండ్రంగా, చూడముచ్చటగా ఉంటుంది, చదివే పాఠానికి నాకు చాలా ఇష్టం. కానీ గీత సన్నం కావడంతో ఒత్తు ఇంకా మాయమైంది. రామభద్ర కూడా ప్రయత్నించాను. అది శీర్షికకు రాజు. కింది వరుసలకు మాత్రం పనికిరాదు, ఆ లావుకు అక్షరాల పొట్టలు మూసుకుపోతాయి.

ఇక తెల్ల అక్షరం చుట్టూ ఉన్న నల్ల అంచు చాలడం లేదేమోనని దాన్ని 4 పిక్సెళ్ళ నుంచి 6కు పెంచాను. అప్పుడు ఒత్తు పూర్తిగా పోయింది. అంచు పెంచితే అక్షరం ఇంకా స్పష్టపడాలి కదా, ఎందుకు తగ్గిందన్న ప్రశ్న నన్ను రెండు రాత్రులు పడుకోనివ్వలేదు.

చివరికి ఒక ఫ్రేమును బొమ్మగా దాచి, పెద్దది చేసి, పిక్సెళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. అంచు లేనప్పుడు ‘ధ’ పొట్ట గీత 9 పిక్సెళ్ళ మందం, కింది ఒత్తు గీత 5. అంచు 4 పెడితే పొట్ట గీత 7కు, ఒత్తు గీత 3కు తగ్గాయి. అంచు 6 పెడితే ఒత్తు గీతలో మిగిలిన తెలుపు 2. అంటే నేను వాడుతున్న ఎడిటర్ అంచును అక్షరం బయట గీయడం లేదు. అక్షరం హద్దు మీదనే కూర్చోబెట్టి సగం బయటికి, సగం లోపలికి గీస్తోంది. 4 పిక్సెళ్ళ అంచులో సగమంటే గీతకు ఒక్కో వైపు 2 చొప్పున మొత్తం 4 పోవాలి అనిపించినా, నా లెక్క ప్రకారం రెండు వైపులా కలిపి 2 మాత్రమే పోతున్నాయి. ఈ ఎడిటర్‌లో ఆ అంకె రెండు వైపుల మొత్తం మందమని నా ఊహ. లావు గీతకు ఆ నష్టం తెలియదు. సన్నని ఒత్తుకు ప్రాణాంతకం.

ఆ 2 పిక్సెళ్ళు ఫోనులో ఎంతో కూడా కొలిచాను. నా ఫోను తెర వెడల్పు 65 మిల్లీమీటర్లు, వీడియో వెడల్పు 1080. ఒక పిక్సెల్ 0.06 మిల్లీమీటరు. రెండు కలిపితే 0.12. అంత సన్నని తెల్ల గీతను, చుట్టూ నలుపు ఉండగా, చేయి చాపి పట్టుకున్న ఫోనులో పిన్ని ఎలా చదువుతుంది? పైగా యాప్ కుదింపులో మొదట పోయేవి ఇలాంటి గీతలే.

మీ ఎడిటర్ కూడా ఇలాగే చేస్తుందో లేదో తెలుసుకోవడం తేలిక. అంచును సున్నా చేసి ఒక బొమ్మ, పెంచి ఒక బొమ్మ తీయండి. లోపలి తెలుపు సన్నబడితే అంచు అక్షరాన్ని తింటున్నట్టే.

అందుకే ఎడిటర్‌లో అక్షరాలు పెట్టడం మానేసి, ఆదేశాలు టైపు చేసి నడిపే ffmpeg అనే వీడియో ప్రోగ్రాముతో అతికించాను. అది అంచును బయటికే గీస్తుంది. అయినా అంచు బదులు వెనక నల్లటి పట్టీ పెట్టాను, ఎందుకంటే వెనక ధారగా పడుతున్న నూనె మెరుస్తూ కదులుతుంది.

```
ffmpeg -i ganuga.mp4 -vf "subtitles=ganuga.srt:force_style='FontName=Noto Sans Telugu,FontSize=18,BorderStyle=3,Outline=2,Shadow=0,OutlineColour=&H50000000,MarginV=78'" -c:a copy out.mp4
```

ఇందులో అంకెలు నన్ను ఒక సాయంత్రం మోసం చేశాయి. అక్షరాలు, అవి కనిపించే సమయాలు రాసి ఉండే ఎస్‌ఆర్‌టీ ఫైలుకు ffmpeg తెర ఎత్తును 288గా లెక్కిస్తుంది. మన వీడియో ఎత్తు 1920 కాబట్టి ప్రతి అంకె 6.67 రెట్లవుతుంది. 18 అంటే 120 పిక్సెళ్ళు. అది కూడా అక్షరం ఎత్తు కాదు, పై గుడి నుంచి కింది ఒత్తు దాకా ఫాంటు కేటాయించిన మొత్తం ఎత్తు. తెలుగు ఫాంట్లలో ఆ చోటు ఎక్కువ, అందుకే అదే అంకెకు ఇంగ్లీషు పెద్దగా, తెలుగు చిన్నగా వస్తాయి. నేనిప్పుడు అంకెను పట్టించుకోను. తెరమీద ‘ర’ ఎత్తు కొలుస్తాను. మొదట్లో 22 పిక్సెళ్ళు, అంటే 1.3 మిల్లీమీటర్లు ఉండేది. ఇప్పుడు 38, దాదాపు 2.3 మిల్లీమీటర్లు. పిన్ని కళ్ళజోడు లేకుండా చదివింది!

ఒకటే వరుస పెడుతున్నాను. రెండు వరుసలైతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను తాకుతున్నాయి, పట్టీలు ఒకదానిమీద ఒకటి పడినచోట ముదురు చార కనిపిస్తోంది. వాక్యం పొడవైతే రెండుగా విడగొట్టి ఒకదాని తర్వాత ఒకటి చూపించడమే మంచిది. కానీ విభక్తిని మాత్రం మాట నుంచి విడదీయకూడదు. ‘చెక్క గానుగ’ ఒకచోట, ‘లో ఆడించిన’ ఇంకోచోట పడితే చదివే కన్ను తడబడుతుంది.

రంగు తెలుపే. పసుపు అందంగా ఉంటుందని పట్టుబట్టాను కానీ నువ్వుల నూనె మీద పసుపు కలిసిపోయింది. ఎరుపు మరీ ఘోరం. ఇలాంటి వీడియోలో సాధారణంగా వెలుతురు పూర్తి వివరంతో, రంగు నాలుగో వంతు వివరంతో నిలుస్తాయి. ఎరుపుకు వెలుతురు తక్కువ కాబట్టి అంచులు అలుక్కుపోతాయి.

చోటు: అడుగు నుంచి 520 పిక్సెళ్ళ పైన. నా ఫోనులో కింది 340 పిక్సెళ్ళను యాప్ పేరు, వివరణ కప్పేస్తున్నాయి.

వ్యవధి ఇంకా తేలలేదు. పిన్ని చేత గడియారం పెట్టుకుని చదివిస్తే సెకనుకు ఎనిమిది అక్షరాలు దాటలేదు, నేను పదమూడు చదువుతున్నాను. ఆమె లెక్కే పెట్టుకుని, ధర వరుసను 3 సెకన్లు నిలిపాను. దృశ్యం మారేచోట అక్షరం మూడు ఫ్రేముల ముందే వెళ్ళిపోతే కంటికి హాయిగా ఉంది.

వచ్చే వారం కొబ్బరి నూనె వీడియో. అందులో వెనకంతా తెల్ల కొబ్బరి చిప్పలు, పట్టీని ఇంకా ముదురు చేయాలి, పై ఆదేశంలో పట్టీ పారదర్శకతను చెప్పే H50లో 50 బదులు 30 పెట్టి చూస్తాను. బాబాయి పాత ఫోను వెడల్పు 58 మిల్లీమీటర్లే, దాన్ని అడిగి తెచ్చుకున్నాను. ఎండలో పెరట్లో కూర్చుని దాంట్లో చదివి చూడాలి. ఆ తర్వాత ఒక్కో వరుసను ఒక్కో చోట పెట్టగలిగే .ass ఫైలు నేర్చుకుంటాను, గానుగ తిరిగే దృశ్యంలో అక్షరాలు పైన ఉంటేనే ఎద్దు ముఖం కనిపిస్తుంది.