నడినెత్తి ఎండలో ఇంటర్వ్యూ: ముఖం మీది ఆకుపచ్చ ఎక్కడిదో తేలేదాకా

ఆరుబయట కూర్చున్న ఒక మనిషి ఇంటర్వ్యూ, అదీ మిట్టమధ్యాహ్నం. ఇవాళే ముగించి వచ్చాను. చివరికి చర్మం రంగు ఉన్నది ఉన్నట్టు వచ్చింది, ఆ తృప్తి ఉండగానే రాస్తున్నాను.

తేలికైన పనులతో మొదలుపెడతాను. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50, ఐఎస్‌ఓ 100. ఈ లెక్కన నేరు ఎండకు f/22 కావాలి. నాకు వెనుక దృశ్యం మసకగా రావాలి కాబట్టి f/2.8 పెట్టి, మిగిలిన వెలుగును ఎన్‌డీ ఫిల్టర్‌తో తగ్గించాను. ఇందులో తికమక ఏమీ లేదు.

కష్టమంతా చెట్టు కింద మొదలైంది. ఆ స్థలం చూసుకునే ఆయన కుర్చీ పచ్చికలో చెట్టు కిందే వేయాలని పట్టుబట్టారు. "నీడ ఉంది కదా, ఇంకేం కావాలి" అన్నది ఆయన వాదన. నీడలన్నీ ఒకటి కావు. ఆకుల సందుల్లోంచి పడే ఎండ చుక్కలు చుట్టూ ఉన్న నీడ కంటే సుమారు మూడు స్టాపులు, అంటే ఎనిమిది రెట్లు, ప్రకాశంగా ఉంటాయి. ఒక్క చుక్క చెంప మీద పడినా అక్కడ చర్మం తెల్లగా పేలిపోతుంది. గాలికి కొమ్మ కదిలితే ఆ చుక్క ముఖమంతా పాకుతుంది, ఎడిటింగ్‌లో ఏ రెండు షాట్లూ అతకవు. అందుకే కుర్చీని దట్టమైన కొమ్మ కిందికి, నీడ అంచుకు జరిపి, ముఖం బయటి ఆకాశం వైపు తిప్పించాను. చుక్కలు పోయాయి, కళ్ల కింది గుంటలు కూడా తేలికపడ్డాయి.

అప్పుడు మానిటర్‌లో ముఖం ఆకుపచ్చగా కనిపించింది. గ్రే కార్డు పట్టి వైట్ బ్యాలెన్స్ తీసుకుంటే నుదురు బాగుపడింది, గడ్డం కింద, మెడ దగ్గర ఆకుపచ్చ అలాగే ఉంది. టింట్‌ను మెజెంటా వైపు జరిపితే మెడ సర్దుకుంది, నుదురు గులాబీ రంగుకు పోయింది. చాలామందిని విసిగించే దశ ఇదే. ముఖం మీద రెండు రంగుల వెలుగు పడుతున్నప్పుడు కెమెరాలోని ఒక్క సెట్టింగ్ రెండింటినీ దిద్దలేదు. "కలర్ కరెక్షన్‌లో చూసుకుందాంలే" అనేవాళ్ల మీద నాకు కోపం ఇందుకే. కదిలే ముఖం మీద ఒక్క మెడనే వేరుగా దిద్దాలంటే ప్రతి షాట్‌లో మాస్క్ గీసి దాన్ని వెంట నడిపించాలి.

మూలం కనిపెట్టే పద్ధతి సులువు. ఆకుపచ్చ ముఖమంతా సమానంగా ఉంటే అది పైనుంచి, ఆకుల గుండా దిగుతున్నది. గడ్డం కింద, ముక్కు అడుగున, మెడలో మాత్రమే ఉంటే కింది నుంచి వస్తున్నట్టు. ఎండ పడిన పచ్చిక ఒక పెద్ద ఆకుపచ్చ రిఫ్లెక్టర్‌లా పనిచేస్తుంది. కొట్టొచ్చే రంగు చొక్కా కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే చిన్న మేరలో, దవడ దగ్గర. అనుమానం తీరాలంటే ఒక నల్ల గుడ్డను మనిషి కాళ్ల ముందు పరిచి మానిటర్ చూడండి. మెడ రంగు వెంటనే మారితే దోషం నేలదే. ఇక్కడ మారింది.

నల్ల గుడ్డతో ఆకుపచ్చ పోయింది కానీ ముఖం చీకటైంది. నీడలో ముఖానికి f/8 వెలుగు ఉంటే, వెనుక ఎండలోని పచ్చిక f/22 దగ్గర ఉంది. ముఖానికి సరిపెడితే వెనుక దృశ్యం వెలిసిపోతుంది. ఇక చెట్టుతో పని లేదని కుర్చీని ఎండలోకి తెచ్చాను. స్థలం చూసుకునే ఆయనకు అది నచ్చలేదు, నేను వినలేదు.

ఎండలో, తల మీద ఒక స్టాపు తగ్గించే తెల్లటి డిఫ్యూజర్ గుడ్డ. ముఖం f/16కు దిగింది, ఎండలోని వెనుక భాగం f/22. తేడా ఒక్క స్టాపే, కంటికి సహజంగా ఉంటుంది. వెలుగును 32వ వంతుకు తగ్గించే ఎన్‌డీ 32 పెడితే ముఖం సరిగ్గా f/2.8కు వచ్చింది. ముప్పావు మీటరు వెడల్పున్న డిఫ్యూజర్‌ను ఫ్రేములోకి రాకుండా వీలైనంత కిందికి, తలకు అర మీటరు నుంచి ముప్పావు మీటరు ఎత్తులో ఉంచాలి. దగ్గరగా ఉంటేనే గుడ్డ ముఖానికి పెద్ద దీపమై, ముక్కు నీడ అంచులు కరుగుతాయి. ఎత్తుకు లేపేకొద్దీ వెలుగు గట్టిపడుతుంది, దాని నీడ కూడా త్వరగా జరుగుతుంది. సూర్యుడు గంటకు సుమారు 15 డిగ్రీలు కదులుతాడు. ముప్పావు మీటరు ఎత్తున్న గుడ్డ నీడ గంటలో దాదాపు 20 సెంటీమీటర్లు జరిగిపోతుంది. ప్రతి పది, పదిహేను నిమిషాలకు ఒకసారి భుజాలు చూసుకోవాలి, ఎండ గీత ముందు అక్కడే కనిపిస్తుంది.

పై వెలుగు మెత్తబడినా కళ్లలో ఇంకా చీకటి ఉంటుంది, అందుకు రిఫ్లెక్టర్. దాన్ని డిఫ్యూజర్ నీడలో పెడితే వంచి పంపడానికి దానికి ఎండే అందదు. ఎంత తిప్పినా ముఖంలో మార్పు లేకపోతే ముందు చూడాల్సింది ఇదే. దాన్ని నీడ బయట, మనిషికి ఒకటిన్నర మీటర్ల దూరంలో, కెమెరాకు ఒక పక్కగా, ముఖం ఎత్తులో స్టాండు మీద కట్టి 45 డిగ్రీలు వంచాలి. నడినెత్తి ఎండ అప్పుడు అడ్డంగా ముఖం వైపు వస్తుంది. ఒళ్లో పట్టిస్తే వెలుగు కింది నుంచి ఎక్కి, ముక్కు నీడ నుదుటి వైపు పడుతుంది. అది ఎవరికీ అందం కాదు.

నేను తెల్ల వైపే వాడాను. వెండి వైపుకు శక్తి ఎక్కువే, కానీ ఈ దూరంలో మనిషి కళ్లు చిట్లిస్తారు, చెమట పట్టిన నుదురు మెరుస్తుంది. బంగారు వైపును ఎండలో చర్మానికి వాడమని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. ఒక చెంప నారింజగా మారి, రెండో చెంప మామూలుగా ఉంటుంది. ఆకుపచ్చతో పడిన తంటానే వేరే రంగులో మళ్లీ మొదలవుతుంది. డిఫ్యూజర్, రిఫ్లెక్టర్ రెండూ స్థిరపడ్డాక, గ్రే కార్డును ముఖం ముందు పట్టి, వైట్ బ్యాలెన్స్ అప్పుడు తీసుకోవాలి. గుడ్డకు కూడా కొద్దిగా రంగు ఉంటుంది.

ఎక్స్‌పోజర్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ముదురు చర్మాన్ని తెల్లబరచడం అందంగా చూపడం కాదు. తెర మీద ప్రకాశాన్ని చారలతో చూపే జీబ్రా 70 శాతం దగ్గర రావాలన్న సూత్రం లేత చర్మానికి పుట్టింది. ముదురు చర్మాన్ని దానికి తగ్గట్టు పైకి లాగితే అది బూడిద పూసినట్టు అవుతుంది. 45 నుంచి 55 మధ్య ఉంచి, రిఫ్లెక్టర్‌తో చెంప ఎముక మీద చిన్న మెరుపు నిలిపితే ఆ ఛాయ నిండుగా వస్తుంది.

గాలి ఉంటే డిఫ్యూజర్ స్టాండుకు ఇసుక సంచులు వేసినా సరే, పక్కన ఒక మనిషి పట్టుకుని ఉండాలి. గుడ్డ ఊగితే ముఖం మీద వెలుగు మిణుకుమంటుంది, దాన్ని తర్వాత దిద్దడం చాలా కష్టం. ఏర్పాట్లు జరిగేంతసేపూ మాట్లాడాల్సిన వారిని ఎండలో కూర్చోబెట్టకండి, వారి ఛాయకు దగ్గరగా ఉన్న మరొకరిని కూర్చోబెట్టి చూసుకోండి.

ఈ ఏర్పాటు తల, భుజాల వరకే. నడుము దాకా చూపాలంటే రెండు మీటర్ల ఫ్రేము, ఇద్దరు మనుషులు కావాలి. నడిచే షాటుకు ఇది పనికిరాదు. అప్పుడు సూర్యుడు కొంచెం వాలేదాకా ఆగి, మనిషి వీపును ఎండ వైపు తిప్పి, ముందు నుంచి తెల్ల రిఫ్లెక్టర్‌ను వెంట నడిపించాలి.