సగం వాలెట్, సగం కార్డు

పర్లాకిమిడిలోని మా ఇంటికి మిక్సీ తెప్పించేందుకు నిన్న రాత్రి ఆన్‌లైన్‌లో చెల్లించాల్సిన బిల్లు 2,340 రూపాయలు. ఆ దుకాణం వాలెట్‌లో పాత రీఫండ్ తాలూకు 640 రూపాయలు ఉండడంతో, "వాలెట్ బ్యాలెన్స్ వాడండి" అన్న గడిలో టిక్కు పెట్టి, మిగిలిన 1,700 కార్డుతో కట్టబోయాను.

చూడడానికి ఒకే చెల్లింపులా కనిపించినా లోపల జరిగేవి రెండు. వాలెట్ సొమ్ము దుకాణం చేతిలోనే ఉంటుంది కనుక దాన్ని ముందుగా పక్కన పెట్టేస్తారు. కార్డు భాగం మాత్రం బ్యాంకు దాకా వెళ్లి, ఓటీపీతో ఖరారై తిరిగి రావాలి. మా వీధిలో సిగ్నల్ సంగతి తెలిసిందే, ఓటీపీ వచ్చేసరికి గడువు దాటిపోయింది. ఆర్డరు పడలేదు, వాలెట్‌లో మాత్రం సున్నా.

అప్పుడే మొత్తం బిల్లు కార్డుతో కట్టెయ్యాలనిపిస్తుంది, కానీ నేను ముందు రెండు చోట్ల చూశాను. బ్యాంకు నుంచి డెబిట్ మెసేజ్ రాలేదు, అంటే కార్డు భాగం కదలలేదు. వాలెట్ చరిత్రలో 640 ఎదురుగా "పెండింగ్" అని ఉంది, అంటే ఖర్చు కాలేదు, ఆగింది. కాసేపటికి అది వెనక్కి వచ్చింది, మళ్లీ కట్టాను.

కార్డులోంచి సొమ్ము పోయి దుకాణానికి ఖరారు అందకపోతే, 2019 నాటి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా వెనక్కి జమ చేయాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి.