నాలుగు పాదాల్లో నాలుగు వేళ్ళు

మన బడి సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు మొదట ఉసిరిచెట్టు గుర్తొచ్చింది, తర్వాత చిన్న రైలు గుర్తొచ్చింది. ఆ రెండింటి గురించీ ఎలాగూ పదిమంది రాస్తారు. నేను తొమ్మిదో తరగతిలో రాసిన ఒక చెడ్డ కవిత గురించి రాస్తాను.

మన పర్లాకిమిడి సంగతి కొత్తగా చెప్పేదేముంది! 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఊరు అటు వెళ్ళింది, ఇళ్ళలో మాట ఇక్కడే మిగిలింది. మా తరానికి ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. నా పక్క బల్ల స్నేహితుడు అమ్మమ్మ దగ్గర పెరిగాడు. ఆవిడ తెలుగులో అడిగితే వీడు ఒడియాలో జవాబు చెప్పేవాడు. అది చూసి నాకు భాషాభిమానం పొంగింది. బడి గోడపత్రిక కోసం ఇలా రాశాను:

నీవు అమ్మమ్మ మాట మరచితివి
నీవు ఇంటి భాషను వీధిలో విడిచితివి
నీవు కన్నవారికి పరాయి కొడుకువైతివి
నీకు సిగ్గు లేదా?

గోడకు అతికించిన రోజు మధ్యాహ్నం నా స్నేహితుడు బల్ల మారి కూర్చున్నాడు. కవితలో వాడి పేరు లేదు. పేరు లేకపోయినా తగలవలసిన చోట తగిలింది. మిగతావాళ్ళకు మాత్రం అసలు తగలలేదు. "ఎవరినో తిట్టాడు" అనుకుని పక్కనున్న కార్టూను చూసుకున్నారు. తిట్టు కవితతో వచ్చే చిక్కే ఇది. ఒకడు గాయపడతాడు, మిగిలినవాళ్ళు తప్పుకుంటారు, చదివేవాడు ఎవడూ లోపలికి రాడు.

తెలుగు మాస్టారు ఆ కాగితం ఊడదీసి నన్ను పిలిచారు. ముందు భాష మీద పడ్డారు. "గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో 'మరచితివి' ఏమిటిరా? నాటకంలో రాజు నేరస్థుడితో మాట్లాడినట్టుంది." తర్వాత ఎర్ర సిరాతో మూడు 'నీవు'లకూ, ఒక 'నీకు'కూ సున్నాలు చుట్టారు. "నాలుగు పాదాలు, నాలుగు వేళ్ళు" అన్నారు.

ఆయన చెప్పింది వ్యాకరణమే, కానీ అలా అంతకు ముందు ఎవరూ చెప్పలేదు. తెలుగులో 'వస్తావు' అంటే చాలు, వచ్చేది ఎవరో క్రియ చివరే తెలిసిపోతుంది. అవసరం లేకపోయినా ముందు మళ్ళీ 'నువ్వు' అని పెడితే అది నొక్కి పలికినట్టవుతుంది. ఇంట్లో అమ్మ "పాలు ఒలకబోశావు" అనడానికీ, "నువ్వు పాలు ఒలకబోశావు" అనడానికీ ఎంత తేడా! రెండోదాంట్లో విచారణ మొదలైపోయింది. పలకకుండా ఉన్న 'నువ్వు' చదివేవాడి చెవిలో వాడి గొంతుతోనే వినిపిస్తుందని మాస్టారి అభిప్రాయం.

సరే కదా అని 'నీవు'లన్నీ కొట్టేసి తీసుకెళ్ళాను. "అమ్మమ్మ మాట మరిచావు, ఇంటి భాషను విడిచావు." మాస్టారు నవ్వారు. వేలు దాచుకున్నాను గానీ తీర్పు అలాగే ఉంది. 'మరిచావు' అన్నది కళ్ళకు కనిపించే పని కాదు, ఎదుటివాడి మనసు గురించి నేను ఇచ్చిన తీర్పు. పైగా జరిగిపోయినట్టు చెప్పాను. ఆ పని చేయనివాడు "నేను కాదు" అనేస్తాడు, చేసినవాడు సంజాయిషీ వెతుక్కుంటాడు. అదే 'వస్తావు, తాగుతావు, అంటావు' అంటే రోజూ జరిగేదీ కావచ్చు, రేపు జరగబోయేదీ కావచ్చు. అందులోకి ఎవరైనా నడిచి రావచ్చు.

మరి 'మనం' అంటే? అడిగాను. నన్ను నేను కూడా కలుపుకున్నట్టుంటుంది కదా అని నా తెలివి. "కలుపుకున్నట్టు ఉంటుంది, కలుపుకోవు" అన్నారు. 'మనం మన భాషను మరిచాం' అంటే ఆగస్టు పదిహేను ఉపన్యాసమే. 'మీరు' అంటే మర్యాదే, కానీ చదివేవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి మనం దూరంగా నిలబడినట్టు. కాబట్టి 'నువ్వు' మాటే నిలిచింది. దేవుణ్ణీ, అమ్మనూ, స్నేహితుణ్ణీ ఆ ఒక్క మాటతోనే పిలుస్తాం గదా.

అప్పుడు ఆయన అడిగిన ప్రశ్న ఇప్పటికీ చురుక్కుమంటుంది: "మీ నాన్నమ్మతో నువ్వు ఎప్పుడూ ఒడియాలో అనలేదా?"

అన్నాను. ఎన్నోసార్లు. ఎండలో ఆడి ఇంటికొచ్చినప్పుడు "కిఛి నాహి" అనేవాణ్ణి. ఏమీ లేదు అని. "అయితే అది రాయి" అన్నారు. వేమన ఊళ్ళోవాళ్ళందరినీ కడిగి, ఆఖరి పాదంలో 'వినురవేమ' అని తనను తానే పిలుచుకుంటాడు, ఆ పిలుపు వల్లే అన్ని దెబ్బలూ మనం కాచుకుంటున్నామని చెప్పారు. పేరు పెట్టి పిలుచుకోకపోయినా, రాసేవాడు ఆ పని తాను చేసి ఉంటే వివరాలు వాటంతటవే వస్తాయట. నిజంగానే వచ్చాయి:

ఎండన పడి వస్తావు
చెప్పులు విడిచేలోగా
మజ్జిగ గ్లాసు ఎదురొస్తుంది
"ముఖం వాడిపోయింది, ఏమైందిరా?"
గటగట తాగి
"కిఛి నాహి" అంటావు
ఖాళీ గ్లాసును
రెండు చేతులతో పట్టుకుని
ఆమె ఇంకాసేపు నిలబడుతుంది

మొదటి మూడు పాదాల్లో తప్పేమీ లేదు. ఎండ, చెప్పులు, మజ్జిగ ఎవరికైనా ఉంటాయి. 'అవును, నేనే' అని తల ఊపుతూ చదివేవాడు ఆరో పాదం దాకా వచ్చేస్తాడు. అక్కడికి వచ్చాక వెనక్కి వెళ్ళడం కష్టం. చదివేవాడికి పనులే ఇచ్చాను, బాధ ఇవ్వలేదు. 'నీ గుండె కలుక్కుమంటుంది' అని రాసి ఉంటే, అననివాడు కవిత మూసేస్తాడు. బాధ ఆవిడ చేతుల్లో ఉంది, అదీ గ్లాసు పట్టుకున్న తీరులో. అయితే ఈ మెత్తదనానికి హద్దుంది. చివరి మూడు పాదాలూ తీసేసి చూడండి, మజ్జిగ తప్ప ఏమీ మిగలదు. అధికారంలో ఉన్నవాణ్ణి నిలదీసే కవితకు ఇదంతా పనికిరాదని కూడా మాస్టారే అన్నారు. అక్కడ వేలు చూపించాల్సిందే, చదివేవాడు మన పక్కన నిలబడతాడు.

తరగతిలో చదివినప్పుడు కిటికీ పక్క బల్ల నుంచి ఒక అమ్మాయి చేయెత్తింది. "ఇది అబ్బాయిల కవితా, మాస్టారూ?" నాకు అర్థం కాలేదు. 'వస్తావు, అంటావు' ఆడపిల్లకూ సరిపోతాయి, తెలుగులో ఆ క్రియకు ఆడా మగా లేదు. కానీ నాలుగో పాదంలో 'ఏమైందిరా' అని ఉంది. ఒక్క 'రా'తో సగం తరగతిని గుమ్మం బయట నిలబెట్టాను. అది తీసేసి 'ఏమైంది?' అని దిద్దాం. పాత కవితలో 'కొడుకువైతివి' అన్నప్పుడూ అదే చేశానని అప్పుడే తెలిసింది.

బల్ల మారిన స్నేహితుడు వారం తర్వాత తిరిగొచ్చాడు. కవిత గురించి ఏమీ అనలేదు.

నిరుడు వాడే ఫోను చేశాడు. ఇప్పుడు బరంపురంలో ఉంటున్నాడు. ఆ కవితను ఒడియాలోకి మారుస్తున్నానని, మన 'నువ్వు'కు అక్కడ ఏ మాట పెట్టాలని అడిగాడు. ఒడియాలో మూడున్నాయి: ఆపణ, తుమే, తు. ఆపణ అంటే చదివేవాడు అతిథి అయిపోతాడు. 'తు' చనువే, కానీ కొంచెం గొంతు పెరిగితే తిట్టు. వాడు 'తుమే' పెట్టాడు. అసలు చిక్కు వేరే ఉందన్నాడు. కవితంతా ఒడియా అయిపోతే 'కిఛి నాహి' అందులో కలిసిపోతుంది, అది వేరే భాష అని తెలియదు. అందుకని దాన్ని అలాగే ఉంచి, కవితలో ఆవిడ అడిగే ప్రశ్నను మాత్రం తెలుగులోనే, ఒడియా అక్షరాలతో రాశాడట.

చదివిన ఒడియా స్నేహితులు ఆ పాదానికి అర్థం అడుగుతున్నారట. వీడు చెప్పడం లేదట.