అమ్మ జ్వరం, అన్నయ్య సి.ఆర్.పి.

నిద్ర పట్టట్లేదు. అమ్మకి జ్వరం తగ్గిపోయింది, రాత్రి పెరుగన్నంలో మాగాయ టెంక చీక్కుంటూ కూర్చుంది, ఇక నేనూ పడుకోవచ్చు. కానీ మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్తే ఫ్రిజ్ మీద ఆ సెఫిక్సిమ్ యాంటీబయాటిక్ స్ట్రిప్ కనబడింది. పదింటిలో ఒక్క గుంట ఖాళీ. ఆ ఒక్క గుంట చూసి మళ్లీ ఒళ్లు మండింది.

సోమవారం పొద్దున పదకొండింటికి అమ్మకి ఎముకల ఇంజెక్షన్ ఎక్కించారు. జోలెడ్రోనిక్ యాసిడ్, 5 మిల్లీగ్రాములు, అరగంట సెలైన్‌లా. ఏడాదికొక్కసారి చాలు. క్రియాటినిన్, కాల్షియం, విటమిన్ డి అన్నీ ముందే చూశారు. మధ్యాహ్నం ఇంటికొచ్చి మామూలుగా పప్పు తిరగమోత వేసుకుంది. మంగళవారం తెల్లవారుజామున ఐదింటికి వణుకు, 101.8 జ్వరం, ఒళ్లంతా రోకలితో దంచినట్టు నొప్పులట. రెండు దుప్పట్లు కప్పాను, ఈయన హీటర్ తెచ్చారు. "ఒసే, నా ఒంట్లో ఏ పురుగు దూరిందే?" అంది. ఏ పురుగూ లేదమ్మా, నీ రక్తంలోనే ఉండే గామా డెల్టాలనే కాపలా కణాలు అన్నాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది గానీ ఆ మాట అన్నప్పుడు నాకు లోపల కొంచెం ఉత్సాహంగా కూడా ఉంది.

ఎందుకంటే ఆ మందు నాకు పాత చుట్టం. 2009లో ల్యాబ్‌లో నా పనే అది. ఎవరో ఒకరిని బతిమాలి 10 మిల్లీలీటర్ల రక్తం తీసుకోవడం, ఫైకాల్ అనే చిక్కటి ద్రవం మీద నెమ్మదిగా పోసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, మధ్యలో తేలే తెల్లటి పొరని పిపెట్‌తో లాక్కోవడం, అందులో చిటికెడు జోలెడ్రోనేట్, కణాలు పెరగడానికి ఐ.ఎల్-2 వేసి ఇంక్యుబేటర్లో పెట్టడం. మొదటి రోజు మెషీన్లో చూస్తే టి కణాల్లో గామా డెల్టాలు నూటికి రెండో మూడో. నాలుగైదు రోజులకి మైక్రోస్కోప్ కింద కణాలు గుంపులు గుంపులుగా, ద్రాక్ష గుత్తుల్లా. ఎర్రగా ఉన్న మీడియం పసుపు తిరిగిపోయేది, అంటే లోపల తెగ తింటున్నాయన్నమాట. పన్నెండో రోజుకి నూటికి ఎనభై పైన అవే. అదీ అందరిలో కాదు. మా సీనియర్ ఒకాయన రక్తం మాత్రం ఎన్నిసార్లు పెట్టినా కదిలేది కాదు, కలిపింది నేనే తప్పేమోనని మూడు వారాలు ఏడ్చాను. చివరికి మా మేడమ్ నవ్వి, కొందరివి అంతే, పెరగవు, రాసిపెట్టుకో అంది. ఆ మూడు వారాలు ఇప్పటికీ తిరిగి రాలేదు నాకు.

అమ్మకి ఇలా చెప్పాను. మామూలు టి కణాలు ఒక్కొక్కటి ఒక్కో శత్రువు కోసం పుట్టినవి, ఆ ఒక్కదాన్ని పట్టగలిగేవి లక్షల్లో ఏ కొన్నో ఉంటాయి, అవి గ్రంథుల్లో కలుసుకుని పిల్లలు పెట్టి బయల్దేరేసరికి వారం. ఈలోగా వీధి చివర కాపలా ఎవరు? అందుకే సగం సిద్ధంగా కూర్చునే కణాలు ఉన్నాయి. ఐ.ఎల్.సి. అనే కణాలకి ఒక్కో శత్రువుని పట్టే రిసెప్టరే అసలు లేదు, చుట్టూ ఉన్న కణాలు కేక వేస్తే లేస్తాయి. ఎన్.కె.టి. కణాలు కొవ్వు పదార్థాలను పట్టి చూస్తాయి. ఇక అమ్మ ఒంట్లో మొన్న లేచినవాటికి వాసనలాంటిది తెలుస్తుంది. చాలా బాక్టీరియాలు (టీబీ క్రిమి కూడా) తమ సరుకు తయారు చేసుకునేటప్పుడు మధ్యలో ఒక చిన్న ఫాస్ఫేట్ పదార్థం వదులుతాయి. దానికి ఈ కణాలు వెంటనే లేస్తాయి. మన కణాలు వేరే దారిలో వండుకుంటాయి గానీ, మన దారిలోనూ ఐ.పి.పి. అని దానికి చెల్లెలు లాంటిది ఒకటి ఉంది. మామూలుగా అది పుట్టినదల్లా తర్వాతి మెట్టుకి వెళ్లిపోతుంది, కాబట్టి గొడవ ఉండదు. జోలెడ్రోనేట్ చేసే పని ఆ తర్వాతి మెట్టుని మూసేయడం. ఎముకని కొరికే కణాలు ఆ మెట్టు లేకపోతే పని చేయలేవు, మందు ఉద్దేశమే అది. కానీ రక్తంలోని మోనోసైట్లు కూడా కాస్త మందు మింగేస్తాయి, వాటిలో ఐ.పి.పి. పేరుకుపోతుంది, గామా డెల్టాలు అక్కడ బాక్టీరియా ఉందనుకుంటాయి. ఇంటర్ఫెరాన్ గామా, టి.ఎన్.ఎఫ్. అనే కేకల్లాంటి ప్రోటీన్లు వదులుతాయి, వాటి వెంట ఐ.ఎల్-6 అనే ఇంకొకటి. ఇదీ వణుకు.

ఐ.పి.పి. లోపలుంటే బయటి కణానికి ఎలా తెలుస్తుందని అప్పట్లో మేమూ తలలు పట్టుకున్నాం. 2012లో బ్యూటిరోఫిలిన్ అనే ప్రోటీన్ బయటపడింది. లోపలి తోక ఫాస్ఫేట్‌ని పట్టుకుంటే బయటి ముఖం మారుతుంది. వెన్న పేరున్న కుటుంబం అది, అమ్మకి ఆ మాట ఒక్కటే నచ్చింది.

సరే, ఇంతవరకు బాగానే ఉంది. తొమ్మిదింటికి డల్లాస్ నుంచి అన్నయ్య. అప్పటికే బాబాయి కొడుకుకి ఫోన్ చేసి ఇంటికి ల్యాబ్ అబ్బాయిని పంపేశాడు. మధ్యాహ్నానికి ఒంట్లో వాపు ఉందని చూపే సి.ఆర్.పి. 58, టైఫాయిడ్‌కి చేసే వైడాల్ పరీక్ష 1:80. ఇక చూడండి. "టైఫాయిడ్ అంటే నువ్వు కథలు చెబుతావేంటి?" అని వీడియో కాల్‌లో అరుపులు, వదిన వెనక నుంచి తలూపడం, సాయంత్రానికి సెఫిక్సిమ్ ఇంట్లో. సి.ఆర్.పి. అంటే లివర్ తయారు చేసేది రా నాయనా, ఐ.ఎల్-6 చెబితే చేస్తుంది, అసలు క్రిమి ఉందా లేదా దానికెలా తెలుసు? గామా డెల్టా లేపినా పెరుగుతుంది, న్యుమోనియా లేపినా పెరుగుతుంది. వైడాల్ 1:80 అంటారా, మన ఊళ్లలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ కొందరికి అంత రావచ్చు. ఇదంతా చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను. అమ్మ ఒక మాత్ర వేసుకుంది, కొడుకు చెప్పాడని.

ఇక్కడిదాకా టైప్ చేసి ఆగాను. నిజానికి నాకు మాత్రం ఏం తెలుసు? ఆమె రక్తంలో గామా డెల్టాలు ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు. నా దగ్గరున్న సాక్ష్యం గడియారం ఒక్కటే. పదకొండు నుంచి తెల్లవారి ఐదు, పద్దెనిమిది గంటలు, సరిగ్గా ఈ జ్వరం వచ్చే వేళ. సాధారణంగా మూడు రోజుల్లో పోతుంది, పోయింది. మూడో రోజు దాటినా, దగ్గు వచ్చినా, మూత్రంలో మంట ఉన్నా నా ముచ్చట పక్కన పెట్టి పరిగెత్తాల్సిందే. 74 ఏళ్ల మనిషి దగ్గర నేను అంత ధీమాగా కూర్చోవడం కూడా ఒక రకం అన్నయ్యతనమే. ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన కాగితంలో మూడో లైనులో ఉంది, ఆ రోజు రాత్రే పారాసిటమాల్ వేయమని. నేను చదవలేదు. ఫ్లాస్కులో ఇదే మందు పోసి చూసినదాన్ని, అమ్మ నరంలోకి వెళ్తుంటే ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను.

ఇంకొకటి కూడా తప్పుగా చెప్పానామెకి. జ్వరం తర్వాత నీ గామా డెల్టాలు ఎనభై శాతం అయిపోతాయి, ఫ్లాస్కులోలాగా, అని. అలా కాదు. అక్కడ నేను ఐ.ఎల్-2 పోస్తూ ఉండేదాన్ని. ఒంట్లో అంత ఎవరు పోస్తారు, అవి అరిచి అలసిపోతాయి, తర్వాత రక్తంలో తగ్గినట్టే పరిశోధనల్లో కనబడ్డాయి. రెండో ఏడు జ్వరం బాగా తక్కువ మందికి రావడానికి అదొక కారణం అంటారు. 2007లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో మొదటిసారి ఇలాంటి ఇబ్బందులు నూటికి 31 మందికి పైగా, రెండోసారి 7 కన్నా తక్కువ. పొద్దున్నే చెప్పాలి, లేకపోతే వచ్చే ఏడు రానంటుంది. ఇప్పటికే అంది.

వెంటనే లేచే కాపలాకీ నెమ్మదిగా వచ్చే టి కణాలకీ మధ్య ఇవి వంతెన అని పాఠాల్లో రాస్తాం కదా, దాని అసలు సంగతి మాత్రం ఆమెకి చెప్పలేదు. లేచిన గామా డెల్టా కేకలు వేసి ఊరుకోదు, తానే ముక్కలు పట్టుకుని మామూలు టి కణానికి చూపించగలదని 2005లో బెర్న్ వాళ్లు చూపించారు. అక్కడే నెమ్మదిగా వచ్చేవాళ్లకి పని అప్పగింత. మొన్న అమ్మ ఒంట్లో చూపించడానికి ముక్కే లేదు. ఉత్త కేకలు.

అన్నయ్య ఇప్పుడే మెసేజ్ పెట్టాడు, "కోర్సు పూర్తి చేయించు, మధ్యలో ఆపకూడదు" అని. తొమ్మిది మాత్రలు ఉన్నాయి. ఏం రాయాలో తెలియక రెండు నీలం టిక్కులు మాత్రం ఇచ్చాను.