బోనస్ షరతుల్లో 400 రూపాయల గీత: ఆగిపోయిన విత్‌డ్రా వెనక ఏముందో వెతికిన నా అనుభవం

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా మేనల్లుడి ఫోన్‌లో ఒక విదేశీ క్యాసినో సైటు ఖాతా ఉంది. అందులో 11,600 రూపాయలు కనిపిస్తున్నాయి గానీ విత్‌డ్రా అడిగితే తిరస్కరించారు. బోనస్ షరతులు ఉల్లంఘించారన్న ఒక్క వాక్యమే జవాబు. ఏ షరతు, ఏ పందెం, ఎప్పుడు అన్నది లేదు. అది తేల్చడానికి ఇద్దరం కూర్చుంటే రెండు సాయంత్రాలు పట్టింది. చేసిన పని చేసిన వరుసలో రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఆట ఆపించాను. విత్‌డ్రా పెండింగ్‌లో ఉన్నంతసేపు దాన్ని రద్దు చేసుకునే బటన్ పక్కనే మెరుస్తుంటుంది. అది నొక్కితే డబ్బు మళ్లీ ఆటలోకి వెళ్లిపోతుంది, వివాదానికి ఆధారమే ఉండదు. కొత్త బోనస్ ఇస్తామన్నా తీసుకోకూడదు. పాత షరతుల మీద కొత్త షరతులు వచ్చి కూర్చుంటాయి.

తర్వాత షరతులన్నీ స్క్రీన్‌షాట్లు తీశాం, తేదీ కనిపించేలా. ఇవి ఒకే చోట ఉండవు. ప్రకటన పేజీలో బోనస్ ఎంత, డబ్బు బయటికి తీయాలంటే దానికి ఎన్ని రెట్లు పందేలు ఆడాలి అన్నవి మాత్రమే ఉన్నాయి. గరిష్ఠ పందెం సంగతి బోనస్ షరతుల పేజీలో బాగా కిందికి వెళ్తే గానీ దొరకలేదు. ఆడకూడని ఆటల జాబితా ఇంకో పేజీలో, సాధారణ షరతుల్లో ఉంది. అంతా చదివే ఓపిక లేకపోతే పేజీలో వెతికే సదుపాయంలో ఈ మాటలు ఒక్కొక్కటే కొట్టాలి: `max bet`, `stake`, `excluded`, `expire`, `void`. చివరి మాట చాలా ముఖ్యం. డబ్బు ఎప్పుడు రద్దు చేస్తారో ఆ మాట ఉన్న వాక్యాలే చెబుతాయి.

మావాడి లెక్క ఇది. 2,000 వేశాడు, 2,000 బోనస్ వచ్చింది. బోనస్‌కు 35 రెట్లు, అంటే 70,000 రూపాయల పందేలు ఏడు రోజుల్లో పూర్తి చేయాలి. బోనస్ నడుస్తున్నంతకాలం ఒక్కో పందెం 400 దాటకూడదు. ముందుగా సొంత డబ్బే ఖర్చవుతున్నా ఈ పరిమితి వర్తిస్తుందని అదే పేరాలో ఉంది. నా సొంత డబ్బు కదా అనుకుని పెద్ద పందెం కాసేవాళ్లు చిక్కుకునేది అక్కడే.

ఖాతాలోంచి పందేల చరిత్ర దించుకుంటే మూడు వేల పైచిలుకు వరుసలు వచ్చాయి. వాటిని స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి పందెం మొత్తం ప్రకారం పెద్దది పైకి వచ్చేలా అమర్చాను. పైన రెండు వరుసల్లో 500 అని ఉంది. మావాడు నమ్మలేదు. "మావయ్యా, నేను ఐదు రూపాయలకు మించి పెట్టలేదు ఆ ఆటలో" అన్నాడు. నిజమే, తెరమీద పందెం ఐదే. కానీ అది బొమ్మల చక్రాలు తిప్పే స్లాట్ ఆట. అందులో ఫ్రీ స్పిన్ల రౌండును, అంటే విడిగా పందెం పెట్టకుండా వరుసగా తిప్పే అవకాశాన్ని, నేరుగా కొనుక్కునే బటన్ ఉంది. దాని ధర పందేనికి వంద రెట్లు. ఐదు వందలూ ఒకే పందెంగా నమోదవుతాయి. 400 గీత దాటింది అక్కడ, రెండుసార్లు.

ఇదే చిక్కు వేరే రూపాల్లోనూ వస్తుంది. రౌలెట్‌లో పది గడుల మీద యాభై చొప్పున పెడితే చాలా సైట్లు దాన్ని 500 పందెంగానే చూస్తాయి. బ్లాక్‌జాక్‌లో 250 పెట్టి మధ్యలో డబుల్ చేసినా అంతే. ఆట మాత్రం ఆపదు, హెచ్చరించదు. సాఫ్ట్‌వేర్ పందేన్ని తీసుకుంటుంది, గెలుపు చూపిస్తుంది, తనిఖీ మాత్రం డబ్బు బయటికి అడిగినప్పుడు జరుగుతుంది. ఓడిపోయి ఉంటే ఆ 500 గురించి ఎవరూ అడగరు. నాకు ఇది అన్యాయంగా తోస్తుంది. పరిమితి నిజంగా అవసరమైతే పందెం కాసే క్షణంలోనే అడ్డుకోవచ్చు.

ఆటల జాబితా దగ్గర ఒక తేడా గమనించాలి. కొన్ని ఆటలు లెక్కలోకి పూర్తిగా రావు, కొన్ని నిషిద్ధం. రౌలెట్ పది శాతం లెక్క అని ఉంటే వంద రూపాయల పందెం పది రూపాయలుగానే చేరుతుంది, షరతు పూర్తి కావడానికి ఇంకా ఎక్కువ ఆడాల్సి వస్తుంది. నిషిద్ధ జాబితాలోని ఆటను ఒక్కసారి తిప్పినా గెలుపంతా రద్దు చేసే హక్కు రాసుకుంటారు. జాక్‌పాట్ స్లాట్లు, ఆటగాడికి తిరిగిచ్చే శాతం ఎక్కువున్న స్లాట్లు తరచూ ఇందులో ఉంటాయి. సైటులో ఆటలు చూపించే పేజీలో మాత్రం అవి మామూలు ఆటల్లాగే తెరుచుకుంటాయి. చరిత్రలోని ఆటల పేర్లను జాబితాతో ఒక్కొక్కటే పోల్చాం. అదృష్టవశాత్తూ ఒక్కటీ తగల్లేదు.

గడువు చూడటానికి గడియారం మార్చుకోవాలి. చరిత్రలో సమయాలు `UTC` లో ఉన్నాయి, మనది దానికంటే ఐదున్నర గంటలు ముందు. మన సమయం ప్రకారం బోనస్ 3వ తేదీ రాత్రి 8:10కి పడింది. పదో తేదీ వరకు అంటే అర్ధరాత్రి దాకా అనుకుంటాం. ఏడు రోజులంటే వాళ్ల లెక్కలో సరిగ్గా 168 గంటలు, అంటే 10వ తేదీ రాత్రి 8:10 దాకానే. మావాడు ఆ సాయంత్రం 6:50కి ముగించాడు. ఇంకో గంటా ఇరవై నిమిషాలు ఆలస్యమైతే బోనస్, దాంతో వచ్చిన గెలుపు రెండూ వాటంతటవే మాయమయ్యేవి.

ఈ గీతలేవీ దాటకపోయినా లెక్క అనుకూలం కాదు. సగటున 96 శాతం తిరిగిచ్చే స్లాట్‌లో 70,000 పందేలు కాస్తే సగటు నష్టం 2,800. వచ్చిన బోనస్ 2,000. బ్రిటన్‌లో గ్యాంబ్లింగ్ కమిషన్ ఈ ఆడాల్సిన రెట్లను 10కి పరిమితం చేస్తూ 2025లో నిబంధన ప్రకటించింది. ఆ లెక్కన 20,000 పందేలు, సగటు నష్టం 800.

మనకు అలాంటి అండ లేదు. నాలుగు అడుగులు వేస్తే వచ్చే పాతపట్నం వైపు, ఆంధ్రలో, 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నడపడం, ప్రచారం చేయడం, వాటికి చెల్లింపులు జరపడం నేరమంది. కాబట్టి బోనస్ డబ్బు ఇప్పించమని ఇక్కడ ఏ ఆఫీసు మెట్లూ ఎక్కలేం. చేతిలో ఉన్నది సైటుకు రాసే ఉత్తరమే.

అందులో బతిమాలలేదు. మూడే అడిగాం: ఏ షరతు సంఖ్య, ఏ పందెం సంఖ్య, వేసిన 2,000 ఏ షరతు కింద ఆపారు. నాలుగో రోజు జవాబు వచ్చింది. మేం కనిపెట్టిన ఆ రెండు 500 పందేల సంఖ్యలే రాసి, గెలుపు రద్దు, డిపాజిట్ వాపసు అన్నారు. విత్‌డ్రా వదలాలంటే ముందు పన్ను కట్టండి, ఫీజు పంపండి అని అడిగి ఉంటే అది బోనస్ వివాదం కాదు, మోసం. అప్పుడు పైసా పంపకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

2,000 బ్యాంకులో పడ్డాక ఖాతాను శాశ్వతంగా మూసేయమని, గుర్తింపు కాగితాలు తొలగించమని ఇంకో ఉత్తరం రాయించాను. ఖాతా మూసేసినట్టు మర్నాడే జవాబొచ్చింది, కాగితాల సంగతి అందులో లేదు. దానికోసం మళ్లీ రాశాం.