రెండో కాన్పులో బొడ్డు కోయడానికి ఒక నిమిషం ఆగమని అడిగాను: నా అనుభవం

అనంతపురంలో ఒక ప్రైవేటు డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మా పెద్దోడికి పది నెలలప్పుడు గోడ సున్నం గీకి తినే అలవాటు మొదలైంది. మా ల్యాబ్‌లోనే రక్తం తీసి చూస్తే హిమోగ్లోబిన్ 8.7, ఫెరిటిన్ 6. ఐదేళ్ళలోపు పిల్లల్లో ఫెరిటిన్ 12 కంటే తక్కువుంటే ఒంట్లో ఐరన్ నిల్వ అయిపోయినట్టే లెక్క. పిల్లల డాక్టరు రిపోర్టు చూసి మొదట అడిగిన ప్రశ్న తిండి గురించి కాదు. "కాన్పప్పుడు మీ హిమోగ్లోబిన్ ఎంతుండె? బొడ్డు ఎప్పుడు కోసినారు?" అన్నారు. మొదటి ప్రశ్నకు నా దగ్గర జవాబుంది, 9.1. రెండోదానికి లేదు. అది అత్యవసరంగా చేసిన సిజేరియన్. అలాంటి విషయం కేస్ షీట్‌లో ఎవరూ రాయరు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. రెండోసారి గర్భం వచ్చాక కూర్చుని లెక్కేశాను.

బిడ్డ బయటికొచ్చే క్షణానికి బిడ్డా మాయా పంచుకునే రక్తంలో మూడో వంతు దాకా మాయలోనే ఉంటుంది. బొడ్డుతాడు కొట్టుకుంటున్నంతసేపూ అది బిడ్డలోకి వస్తుంది. వెంటనే బిగిస్తే బిడ్డకు కిలోకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం మిగులుతుంది, రెండు మూడు నిమిషాలు ఆగితే 90 దాకా చేరుతుంది. మామూలు కాన్పులో మొదటి నిమిషంలోనే దాదాపు 80 మిల్లీలీటర్లు వచ్చేస్తాయి. మూడు నిమిషాలకు ఇంచుమించు 100. అంటే ఎక్కువ భాగం మొదట్లోనే వస్తుంది. నాకు మళ్ళీ సిజేరియనే. మత్తు వల్ల, కోత వల్ల గర్భసంచి అంత గట్టిగా ముడుచుకోదు, రక్తం కొంచెం తక్కువే దిగుతుంది. అందుకని 50 మిల్లీలీటర్లే అనుకున్నాను. పుట్టిన బిడ్డ రక్తంలో డెసిలీటరుకు 16 గ్రాముల హిమోగ్లోబిన్ వేసుకుంటే 50 మిల్లీలీటర్లలో 8 గ్రాములు. ఒక గ్రాము హిమోగ్లోబిన్‌లో 3.4 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. మొత్తం 27 మిల్లీగ్రాములు.

ఇంతేనా అనిపిస్తుంది. కానీ తల్లిపాలలో లీటరుకు ఐరన్ మూడోవంతు మిల్లీగ్రాముకు మించదు. రోజుకు ముప్పావు లీటరు తాగే బిడ్డకు పావు మిల్లీగ్రాము అందుతుంది, అందులో సగం ఒంటబడితే గొప్ప. ఆరు నెలలు కలిపినా ఒంటబట్టేది ఇరవై పైచిలుకు మిల్లీగ్రాములు. ఆ ఒక్క నిమిషంలో వచ్చేది అంతకంటే కాస్త ఎక్కువే.

ఈ లెక్క కాగితం మీద రాసుకుని మా గైనకాలజిస్టు మేడం దగ్గరికి పోయాను. ఆమె కాదనలేదు, వెంటనే సరే అని కూడా అనలేదు. "నార్మల్ డెలివరీ అయితే మేం ఆగుతాం. సిజేరియన్‌లో కడుపు తెరిచి ఉంటుంది తల్లీ, కోత అంచుల నుంచి నీ రక్తం పోతుంటుంది. నేను గడియారం చూస్తూ నిలబడలేను" అన్నారు. న్యాయమైన మాటే. ముందుగా చేసుకున్న సిజేరియన్లలో 60 సెకన్లు ఆగినవాళ్ళనూ వెంటనే కోసినవాళ్ళనూ పోల్చిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. అందులో 113 మంది తల్లులు, మర్నాడు వాళ్ళ హిమోగ్లోబిన్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ సంగతి చెప్పాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా నిమిషం కంటే ముందు కోయవద్దనే. మేడం ఆలోచించి కొన్ని షరతులు పెట్టారు. బిడ్డ ఏడిస్తేనే ఆగుతారు. తుడిచి, వీపు రుద్దినా ఊపిరి తీసుకోకపోతే క్షణం ఆగకుండా కోసి పిల్లల డాక్టరు చేతికిస్తారు. నాకు రక్తం ఎక్కువ పోతున్నట్టు కనిపించినా అంతే. ఆగినంతసేపూ బిడ్డను నా తొడల మీద శుభ్రమైన వెచ్చటి గుడ్డలో ఉంచుతారు. గర్భసంచి ముడుచుకోవడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ ఎప్పట్లాగే ఇస్తారు, దానికోసం బొడ్డు కోసేదాకా ఆగాల్సిన పని లేదు. సమయం చెప్పే పని థియేటర్ నర్సుది. ఇదంతా మేడం నా కేస్ షీట్‌లో తన చేత్తో రాశారు. నాకు అదే కావాల్సింది. నోటిమాట అయితే ఆ రోజు డ్యూటీలో ఉండేవాళ్ళకు తెలిసేదెట్లా?

ఇంకొక మెలిక నా బ్లడ్ గ్రూపు. నాది ఓ పాజిటివ్, మా ఆయనది బి. బిడ్డకు బి వస్తే నా ఒంట్లోని యాంటీబాడీలు బిడ్డ ఎర్రకణాలను పగలగొట్టి కామెర్లు పెంచొచ్చు. ఆలస్యంగా కోస్తే ఎర్రకణాలు ఎక్కువ, పగిలేవీ ఎక్కువ. లైటు కింద పెట్టాల్సిన పిల్లలు వందకు ఇద్దరు దాకా పెరుగుతారని పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్ళు తేల్చారు. దీనికోసం ఆగడం మానేయక్కర్లేదు, బిలిరుబిన్ మీద కన్నేసి ఉంచాలంతే అన్నారు మేడం.

ఆ నెలల్లోనే క్లినిక్‌లో ఒకాయన ఫైలు పట్టుకుని మా పక్కన కూర్చున్నాడు, బొడ్డుతాడు రక్తం దాచిపెట్టే కంపెనీ మనిషి. మా ఆయన ఆసక్తిగా విన్నాడు, కంతుల్లో కట్టొచ్చంటే ఇంకా ఎక్కువ విన్నాడు. నేను ఒక్కటే అడిగాను: "మీ సంచికి ఎంత రక్తం కావాలి?" ఎంత ఎక్కువుంటే అంత మంచిది అన్నాడు. ఆ సంచిలోకి పోయేదీ బిడ్డలోకి పోవాల్సిందీ ఒకటే రక్తం. బిడ్డ తన కోసమే దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని, ప్రైవేటు బ్యాంకింగ్‌ను సిఫారసు చేయడం లేదని భారతీయ వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లోనే చెప్పింది. బంధువుల్లో ఎవరికైనా ఆ రక్తంలోని మూలకణాలతో చికిత్స అవసరమని ముందే తెలిసి ఉంటే అది వేరే సంగతి. మాకు ఆ పరిస్థితి లేదు.

ఇంట్లో అత్తకు భయం. "బిడ్డ సల్లబడిపోతాదేమో, తొందరగా కోపిచ్చుకో" అంది. కదిరి నుంచి వచ్చిన మా జేజి మాత్రం నవ్వింది. "మా కాలంలో మాయ పడినాకనే బొడ్డు కోసేటోళ్ళు మే. ఇదేమన్నా కొత్తా?" అంది. ఆమె కాలంలో కొడవళ్ళతో కోసేవాళ్ళు కూడా, ఆ సంగతి నేను ఎత్తలేదు.

నా హిమోగ్లోబిన్ ఏడో నెలలో 9.8 ఉంటే ఐరన్ సుక్రోజ్ ఎక్కించారు, కాన్పు నాటికి 11.2 అయింది. తల్లిలో ఐరన్ మరీ తక్కువుంటే బిడ్డ నిల్వ కడుపులోనే తగ్గుతుంది, చివర్లో నిమిషం ఆగి అదంతా పూడ్చలేం.

ఆపరేషన్ రోజు తెర అవతల ఏడుపు వినబడింది. నర్సు "పదిహేను... ముప్పై..." అని చెబుతుంటే మేడం కోత అంచులను క్లాంపులతో పట్టుకుంటున్నట్టు మాటల్లో తెలిసింది. అరవైకి కోసేశారు. మాయ వైపు తాడు నుంచి గ్రూపుకూ, నా యాంటీబాడీలు పాప ఎర్రకణాలకు అంటుకున్నాయేమో చూసే కూంబ్స్ పరీక్షకూ రక్తం తీశారు. ఆగి కోసినా ఆ మాత్రం రక్తం మిగులుతుంది. ఆడపిల్ల, 2.9 కిలోలు, బి పాజిటివ్. కూంబ్స్ నెగటివ్.

అసలు గాబరా మర్నాడు వచ్చింది. పాప మడమ గుచ్చి తీసిన రక్తంలో హెమటోక్రిట్, అంటే ఎర్రకణాల శాతం, 67. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు "రక్తం చిక్కబడింది, ఐసీయూకి పంపుదాం, ఆలస్యంగా కోసినందుకే" అన్నాడు. 65 దాటితే పాలిసైథీమియా అన్న మాట నిజమే, కానీ ఆ 65 సిరలోంచి తీసిన రక్తానికి. మడమలో రక్తం నెమ్మదిగా పారుతుంది. మడమ చల్లగా ఉన్నా, గట్టిగా పిండినా అంకె ఎక్కువ చూపిస్తుంది. ఇది మా వృత్తిలో రోజూ చూసేదే. సిర నుంచి మళ్ళీ తీయమన్నాను. 60 వచ్చింది. పాప బాగా చీకుతోంది, వణుకు లేదు, మత్తుగా పడుకోవడం లేదు, షుగరు మామూలుగానే ఉంది. రక్తం చిక్కబడి బిడ్డను ఇబ్బంది పెడుతుంటే చూడాల్సిన గుర్తులు ఇవే. పిల్లల డాక్టరు వచ్చి ఐసీయూ మాట కొట్టేశారు.

కామెర్లు అనుకున్నట్టే వచ్చాయి. 72 గంటలకు బిలిరుబిన్ 13.4. డాక్టరు పట్టిక తీసి పాప వయసు గంటల్లో, గర్భం వారాల్లో చూసి, లైటు కింద పెట్టాల్సిన గీత ఇంకా పైనే ఉందన్నారు. మర్నాడు 14.1, తర్వాత దిగింది. ఓ గ్రూపు తల్లులను మూడో రోజుకే డిశ్చార్జి చేసి పంపేస్తే ఈ రెండో అంకె ఎవరూ చూడరు. నేను అడిగి ఉండిపోయాను.

పది వారాలప్పుడు హిమోగ్లోబిన్ 10.6కు పడింది. "ఇంత చేసి ఏం లాభం?" అంది అత్త. అందరు పిల్లలకూ ఆ వయసులో పడుతుంది. కడుపులో తయారైన ఎర్రకణాలు పగిలి, వాటి ఐరన్ నిల్వలోకి చేరే సమయమది. ఆగి కోసిన పిల్లలకూ వెంటనే కోసినవాళ్ళకూ అప్పుడు హిమోగ్లోబిన్‌లో తేడా కనబడదు. చూడాల్సింది నాలుగు నుంచి ఆరు నెలలప్పుడు ఫెరిటిన్. స్వీడన్‌లో 400 మంది పిల్లలతో చేసిన అధ్యయనంలోనూ అంతే: నాలుగు నెలలకు మూడు నిమిషాలు ఆగినవాళ్ళలో ఐరన్ లోపం నూటికి ఒకరు కూడా లేరు, పది సెకన్లలో కోసినవాళ్ళలో దాదాపు ఆరుగురు.

ఆరు నెలలకు మా పాపది తీశాను. ఫెరిటిన్ 52, హిమోగ్లోబిన్ 11.4. జలుబో జ్వరమో ఉంటే ఫెరిటిన్ లేని నిల్వను ఉన్నట్టు చూపిస్తుంది, అందుకని ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉందేమో చూసే సీఆర్‌పీ కూడా చేశాను, మామూలుగా ఉంది. దీన్ని పెద్దోడి 6తో పక్కపక్కన పెట్టి నిమిషం మహిమ అనను. వాడికి పరీక్ష చేసింది పది నెలలకు, ఈమెకు ఆరు నెలలకు. ఈసారి నా రక్తం కూడా మెరుగ్గా ఉంది.

ఇప్పుడు పాపకు ఏడో నెల. అంబలి, పప్పు, గుడ్డు మొదలుపెట్టాం. ఏఎన్ఎమ్ ఇచ్చిన ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు, అంటే 20 మిల్లీగ్రాములు, పోస్తున్నాం. నిల్వ బాగుంది కదా, ఎందుకు అని మా ఆయన అడిగాడు. ఆరు నెలల తర్వాత పుట్టుకతో వచ్చిన నిల్వ కరిగిపోతూ ఉంటుంది, ఎదిగే ఒంటికి పాలు చాలవు. తొమ్మిదో నెలలో ఇంకోసారి ఫెరిటిన్ తీస్తాను, సిర నుంచే.